నొప్పి తలలో... మూలం మెడలో!

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మెడ వెనక కుడి పక్కన చిన్న పోటు మొదలవుతుంది. అది చెవి వెనకనుంచి మెల్లగా పైకి పాకి, రాత్రి వంట చేసే సమయానికి సరిగ్గా కుడి కంటి మీదకొచ్చి కూర్చుంటుంది. ఎడమ పక్క మాత్రం ఏమీ ఉండదు. ఇలాంటి తలనొప్పి మీకెవరికైనా ఉందా? ఉంటే ఈ నాలుగు మాటలూ మీకోసమే. దాదాపు ఏడాదిపాటు నేను దీనితో వేగాను. చివరికి తెలిసిందేమిటంటే, నొప్పి వచ్చేది తలలోనే అయినా దాని పుట్టిల్లు మాత్రం మెడ!

మాది విశాఖపట్నంలో మద్దిలపాలెం. మా వారు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతారు. అమ్మాయి హైదరాబాదులో చదువుకుంటోంది. ఇంట్లో నేనూ, మా అత్తగారూ. ఇక మూడో మనిషి ఎవరంటే ఫోనే! పొద్దున్న కాఫీతో బంధువుల గ్రూపులో మెసేజీలు, పదకొండింటికి కూర మరుగుతుండగా ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మా చెల్లితో కబుర్లు, మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం మీద రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని వంటల వీడియోలు, రాత్రి అమ్మాయితో వీడియో కాల్. ఇదీ నా దినచర్య. అన్నీ కలిపితే రోజుకి ఐదు గంటలు దాటేది. ఈ లెక్క నేను చెప్పింది కాదు, ఫోనే చూపించింది!

"ఏటమ్మా, అలగ ఫోన్లోకి తల దూర్చేసి కూకున్నావు? మెడ పట్టేస్తాది" అని మా అత్తగారు ఎన్నిసార్లన్నారో! పెద్దవాళ్ళు ఫోన్లను తిట్టడం మామూలేగా అనుకుని నేను నవ్వేసి ఊరుకునేదాన్ని.

కన్నా? సైనసా? గ్యాసా?

తలనొప్పి మొదలైన కొత్తలో కంటి మీద నొప్పి కాబట్టి ఇది కంటి దోషమే అనుకున్నాను. కళ్ళ డాక్టరుకి చూపించుకుంటే చదవడానికి అద్దాలిచ్చారు. అద్దాలతో అక్షరాలు బాగా కనబడ్డాయి గానీ తలనొప్పి పోలేదు. తర్వాత ఎవరో సైనస్ అన్నారు. నెలరోజులు ఆవిరి పట్టాను. ఇంకొకరు గ్యాస్ అన్నారు. పొద్దున్నే జీలకర్ర నీళ్ళు తాగాను. ఇంతలో మందుల షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర మాత్రం బాగానే పనిచేసేది. వేసుకున్న అరగంటకి తగ్గేది. మర్నాడు సాయంత్రం మళ్ళీ హాజరు!

మా ఇంట్లో పాల లెక్క రాసుకునే కాలెండరు ఒకటి వంటింట్లో వేలాడుతుంటుంది. ఒక నెల ఊరికే చూద్దామని, నొప్పి వచ్చిన రోజున తేదీ కింద ఒక గీత, మాత్ర వేసుకున్న రోజున ఒక చుక్క పెట్టాను. నెలాఖరుకి లెక్క చూసుకుంటే గుండె గుభేలుమంది. గీతలు 16, చుక్కలు 12! నెలలో సగం రోజులు తలనొప్పితోనే గడిపాననీ, అందులో ముప్పాతిక వంతు రోజులు మాత్ర మింగాననీ ఆ కాలెండరు చెప్పేదాకా నాకే తెలియలేదు.

ఆ కాలెండరు పట్టుకుని మా వీధిలోని డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బీపీ చూశారు, నరాల బలం చూశారు. ఆ తర్వాత నేను అనుకోని ప్రశ్న ఒకటి వేశారు. "బస్సులో వెనక్కి తిరిగి చూసినప్పుడు నొప్పి పెరుగుతుందా?" పెరుగుతుంది! స్కూటరు మీద మా వారి వెనక కూర్చుని కుడి పక్కకి తల తిప్పితే కణత దాకా లాగుతుంది. అది విని ఆవిడ చీటీ మీద మందు రాయకుండా ఫిజియోథెరపీకి రాశారు.

మెడ వంచి తిప్పితే బయటపడిన గుట్టు

ఫిజియోథెరపీ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. నన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోమని, తల వెనక రెండు చేతులూ పెట్టి, నా గడ్డం గుండెకి ఆనేదాకా వంచింది. అలా వంచి ఉంచే తలని మెల్లగా ఎడమకి తిప్పింది. బాగానే తిరిగింది. కుడికి తిప్పబోతే సగంలోనే, తుప్పు పట్టిన గడియలా ఆగిపోయింది!

"ఆంటీ, మెడని ఇలా పూర్తిగా వంచితే కింది కీళ్ళన్నీ బిగుసుకుంటాయి. ఇక తిరగడానికి మిగిలేది పైన మొదటి, రెండో పూసల మధ్యనున్న కీలు ఒక్కటే. మామూలుగా అది చెరో పక్కకి 40 డిగ్రీల పైనే తిరగాలి. మీకు కుడి పక్క పాతిక కూడా తిరగట్లేదు" అంది. తర్వాత పుర్రె కింద, వెన్నెముకకి కుడి పక్కన బొటనవేలితో నొక్కి కాసేపు పట్టుకుంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆవిడ నొక్కింది మెడ మీద, నాకు నొప్పి వచ్చింది కంటి మీద! అచ్చంగా నా సాయంత్రం నొప్పే. వేలు తీసేయగానే మెల్లగా తగ్గిపోయింది.

ఈ తలనొప్పికి డాక్టర్లు పెట్టిన పేరు సెర్వికోజెనిక్ హెడేక్. అంటే మెడనుంచి పుట్టిన తలనొప్పి అన్నమాట. నార్వే దేశపు నరాల వైద్యుడు ఒట్టార్ స్యోస్టాడ్ 1983లో ఈ పేరు పెట్టి, దీని లక్షణాలు వివరంగా రాశారట.

మెడలో పుట్టి కంట్లో ఎందుకు?

నాకూ ఇదే సందేహం వచ్చి అడిగాను. మన మెడలో ఏడు పూసలున్నాయి. పైనున్న మూడు పూసల దగ్గర బయల్దేరే నరాలూ, నుదురు, కన్ను, కణతలనుంచి వచ్చే ముఖం నరమూ, ఈ రెండూ మెదడు అడుగున ఒకేచోట కలుస్తాయి. పాత రోజుల్లో ఇంట్లో తీగ ఫోన్లుండేవి గుర్తుందా? మనం ఒకరితో మాట్లాడుతుంటే మధ్యలో వేరే వాళ్ళింటి మాటలు వినబడేవి, క్రాస్‌టాక్ అనేవాళ్ళం. ఇదీ అలాంటిదే. మెడ కీలు "అమ్మో, పట్టేసింది" అని కబురు పంపిస్తే, రెండు లైన్లూ ఒకేచోట కలవడం వల్ల మెదడు దాన్ని "కంటి దగ్గర నొప్పి" అని వింటుంది. అందుకే నేను కంటికి అద్దాలు పెట్టుకున్నా, ముక్కుకి ఆవిరి పట్టినా లాభం లేకపోయింది.

మరి ఫోనుకీ దీనికీ ఏమిటి సంబంధం? పెద్ద మనిషి తల బరువు దాదాపు ఐదు కిలోలు. తల నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు నేరుగా ఎముకల మీద నిలుస్తుంది. మన తీరంలో చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిచే అమ్మల్ని చూడండి, మెడ గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. తల ముందుకి వాలిస్తే మాత్రం, ఆ బరువు పడిపోకుండా మెడ వెనక కండరాలు పట్టి లాగుతూ ఉండాలి. న్యూయార్కులో వెన్నెముక సర్జను కెన్నెత్ హంస్‌రాజ్ 2014లో కంప్యూటరు మీద ఈ లెక్క కట్టారు. తల 30 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 18 కిలోలు. 60 డిగ్రీలు వంచితే, అంటే ఒళ్ళో ఫోను పెట్టుకుని చూస్తున్నంత వంచితే, 27 కిలోలు. ఇంచుమించు నిండు గ్యాస్ బండంత!

అయితే ఒక్క మాట. ఇది లెక్క కట్టిన భారమే గానీ, మనుషుల మెడల్లో పెట్టి కొలిచింది కాదు. తల వంచి ఫోను చూసే వాళ్ళందరికీ నొప్పి వస్తుందనీ లేదు. కొన్ని పరిశోధనల్లో, మెడ వంచి చూసే కుర్రకారుకీ వంచని వాళ్ళకీ నొప్పిలో తేడా కనబడలేదు కూడా. ఫిజియోథెరపీ అమ్మాయి ఇదే మాట సులువుగా చెప్పింది. "వంగడం తప్పు కాదాంటీ, అక్కడే ఉండిపోవడం తప్పు." పది నిమిషాలు వంగి బియ్యం ఏరుకుంటే మెడకేమీ కాదు. గంటసేపు కదలకుండా అదే కోణంలో ఉండి, రేపూ ఎల్లుండీ మళ్ళీ అలాగే ఉంటే, పైన కీలు బిగుస్తుంది, మెడ ముందు లోపల ఉండే చిన్న కండరాలు పని మర్చిపోతాయి, ఆ పనంతా భుజం మీది పెద్ద కండరాల నెత్తిన పడుతుంది. నా విషయంలో దీనికి తోడు ఫోనుని కుడి భుజానికి ఇరికించుకునే అలవాటు ఒకటి. నొప్పి కుడి పక్కే రావడంలో దాని వాటా ఉండే ఉంటుందని ఆవిడ అనుమానం.

మరి మీది మెడ తలనొప్పేనా?

ఇది జాగ్రత్తగా చూసుకోవాలి. మా పక్క వాటాలో ఉండే వదిన నా కథ విని, తనకీ తలనొప్పే కాబట్టి తనూ ఈ వ్యాయామాలు మొదలెట్టింది. మూడు వారాలు చేసినా గుండ్రని సున్నా! తర్వాత తేలిందేమిటంటే ఆవిడది మైగ్రేన్. ఆవిడకి నొప్పి ముందు కణతలో నాడి కొట్టుకున్నట్టు మొదలవుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, లైటు వేస్తే భరించలేదు, ఒక్కోసారి కుడి అయితే ఒక్కోసారి ఎడమ. నొప్పి వచ్చే ముందు మెడ పట్టేసినట్టు ఉండటం మైగ్రేన్‌లోనూ మామూలేనట! అందుకే మెడ నొస్తోంది కాబట్టి మెడ తలనొప్పే అనుకోకూడదు. దానికి వేరే మందులున్నాయి, ఆవిడ ఇప్పుడు వాటితో బాగానే ఉంది.

మెడ తలనొప్పి తీరు వేరు. ఎప్పుడూ ఒకే పక్క వస్తుంది. మెడ వెనక మొదలై ముందుకి వస్తుంది. నాడిలా కొట్టుకోకుండా, బరువుగా లాగినట్టుంటుంది. తల తిప్పినా, చాలాసేపు ఒకే తీరున కూర్చున్నా పెరుగుతుంది. ఒక పక్కకి తల సరిగ్గా తిరగదు. ఈ గుర్తులన్నీ ఉన్నా కూడా ఒకసారి డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించుకుని నిర్ధారించుకోవడం మేలు. కొందరికి మైగ్రేనూ, మెడ నొప్పీ రెండూ కలిసి ఉంటాయి.

ఎక్స్‌రే తీయించలేదా అని మా ఆడపడుచు అడిగింది. మన వయసులో ఎవరి మెడ ఎక్స్‌రే తీసినా కాస్తో కూస్తో అరుగుదల కనబడుతుందట, నొప్పి లేనివాళ్ళకి కూడా. నలభై దాటాక జుట్టు నెరవడం లాంటిదే అది. అందుకే డాక్టరమ్మగారు, అవసరం లేదన్నారు.

నేను చేసిన నాలుగు వ్యాయామాలు

నాకు నేర్పినవి నాలుగే. పొద్దున్న ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, రెండు పూటలా చేశాను. పూటకి పది, పన్నెండు నిమిషాలు పడుతుంది.

మొదటిది: "ఊఁ" కొట్టడం

నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవాలి. తల కింద ఒక తుండు మడతపెట్టి పెట్టుకోవాలి. నుదురూ గడ్డమూ ఒకే ఎత్తులో ఉండేంత మడత చాలు. ఇప్పుడు కథ వింటూ "ఊఁ" కొడుతున్నట్టు గడ్డాన్ని కొద్దిగా, చాలా కొద్దిగా గొంతు వైపు దించాలి. తల నేలనుంచి లేవకూడదు, జారాలంతే. అలా 10 సెకన్లు పట్టి ఉంచి వదిలేయాలి. ఇలా 10 సార్లు.

చూడటానికి ఇదేం వ్యాయామం అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని మొదటి రోజు బలమంతా ఉపయోగించి గడ్డాన్ని నొక్కేశాను. మర్నాడు మెడ ముందు పక్కంతా నొప్పులు! తప్పు ఎక్కడ జరిగిందో కనుక్కోవడానికి ఆ అమ్మాయి ఒక చిట్కా చెప్పింది. రెండు వేళ్ళు మెడ ముందు పక్కన పెట్టుకోండి. "ఊఁ" కొట్టేటప్పుడు అక్కడి కండరాలు తాళ్ళలా బయటికి పొంగితే ఎక్కువ బలం పెడుతున్నట్టు. వేళ్ళ కింద మెత్తగానే ఉండాలి. లోపలి చిన్న కండరాలకి పని చెప్పాలన్నదే ఇక్కడ ఉద్దేశం. పెద్ద కండరాలు మధ్యలో దూరితే వీటికి పని ఉండదు. ఊపిరి బిగపట్టకూడదు కూడా.

రెండోది: చంక వైపు చూపు

కుర్చీలో నిటారుగా కూర్చుని, కుడి చేత్తో కుర్చీ అంచు కింద పట్టుకోవాలి. భుజం పైకి లేవకుండా ఉండటానికే ఇది. తల సగం ఎడమకి తిప్పి, ఎడమ చంక వైపు చూస్తున్నట్టు కిందికి వంచాలి. కుడి మెడ వెనకనుంచి రెక్క ఎముక దాకా సాగుతున్నట్టు తెలుస్తుంది. సాగినట్టు ఉండాలి గానీ నొప్పి పుట్టకూడదు. 20నుంచి 30 సెకన్లు ఉండి మెల్లగా తల పైకెత్తాలి. రెండు పక్కలా మూడేసి సార్లు. కొంతమంది రెండో చేత్తో తలని పట్టి లాగుతారు. మొదట్లో అది వద్దు, తల బరువే చాలు.

మూడోది: తుండు పట్టి తిప్పడం

నాకు బాగా గుణం ఇచ్చింది ఇదే. న్యూజిలాండ్‌కి చెందిన బ్రయన్ మల్లిగన్ అనే ఫిజియోథెరపిస్టు పద్ధతినుంచి వచ్చిందట. కానీ దీన్ని చదివి చేయకండి, ఒకసారి తెలిసిన వాళ్ళ దగ్గర చేసి చూపించుకున్నాకే ఇంట్లో చేయండి. పద్ధతి తెలియడానికి రాస్తున్నాను.

ఒక పల్చటి తుండు తీసుకుని దాని అంచు మెడ వెనక, పుర్రె ముగిసే చోటుకి సరిగ్గా కింద ఆనేలా వేసుకోవాలి. రెండు కొసలూ ముందుకి వస్తాయి. నాకు బిగిసింది కుడి పక్క తిరగడం. కాబట్టి ఎడమ పక్కనుంచి వచ్చే కొసని కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చెంప మీదుగా కంటి ఎత్తులో ముందుకి లాగాలి. కుడి పక్క కొసని ఎడమ చేత్తో గుండె దగ్గర కదలకుండా పట్టుకోవాలి. చేతులు రెండూ కత్తెరలా అడ్డం పడతాయి. ఇప్పుడు తలని మెల్లగా కుడికి తిప్పుతూ, తుండుని కూడా అదే దిశలో తేలిగ్గా నడిపించాలి. తిరిగినంత మేర తిరిగాక 3 సెకన్లు ఆగి వెనక్కి రావాలి. పూటకి 2 సార్లు చాలు. ఎక్కువ చేస్తే తొందరగా తగ్గుతుందనుకోవద్దు!

సరిగ్గా చేస్తున్నామని ఎలా తెలుస్తుంది? తుండు లేకుండా తిప్పితే నొప్పి పుట్టే చోటుదాకా, తుండుతో తిప్పితే నొప్పి లేకుండా తిరగాలి. నొప్పి వస్తే తుండు ఎత్తు తప్పినట్టు, ఒక వేలు పైకో కిందికో జరపాలి. అప్పటికీ వస్తే మానేయాలి. కళ్ళు తిరిగినా, చూపు మసకబారినా, చెయ్యి తిమ్మిరెక్కినా వెంటనే ఆపేసి డాక్టరుకి చెప్పాలి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళూ, ఎముకలు బోలుబారినవాళ్ళూ, మెడకి దెబ్బ తగిలినవాళ్ళూ దీని జోలికి పోకూడదు.

నాలుగోది: గుమ్మంలో నిలబడటం

వంటింటి గుమ్మంలో నిలబడి, మోచేతులు భుజాల ఎత్తున మడిచి ద్వారబంధానికి చెరో పక్కా ఆనించాలి. ఒక కాలు ముందుకి వేసి, ఛాతీ ముందుకి సాగేలా కొద్దిగా వాలాలి. 20నుంచి 30 సెకన్లు, మూడుసార్లు. తర్వాత చేతులు దించి, వీపు మీది రెక్క ఎముకలు రెండిటినీ దగ్గరికి తెచ్చి 10 సెకన్లు పట్టాలి. ఇది 10 సార్లు. ఫోను చూసే మనిషికి తలతో పాటు భుజాలు కూడా ముందుకి వచ్చేస్తాయి. వాటిని వెనక్కి తేకుండా తలని ఒక్కదాన్నే సరిచేస్తే నిలబడదు.

ఈ తరహా వ్యాయామాలు ఉత్త మాటలు కావు. ఆస్ట్రేలియాలో గ్వెండొలిన్ జుల్ అనే ఫిజియోథెరపీ ఆచార్యురాలు, తన తోటి వాళ్ళతో కలిసి 200 మంది మెడ తలనొప్పి రోగుల మీద పరీక్ష చేసి 2002లో ప్రకటించారు. "ఊఁ" కొట్టే వ్యాయామం అందులోదే. ఆరు వారాలు చేసిన వాళ్ళకి తలనొప్పి తగ్గింది, ఏడాది తర్వాత చూసినా ఆ గుణం నిలిచే ఉంది. అందుకే నాకూ ఆరు వారాల గడువు పెట్టారు.

ఫోను మానక్కర్లేదు, చోటు మార్చాలి

ఫోను మానేయమంటే ఎవరం మానతాం? అమ్మాయి ముఖం చూడాలి కదా! అందుకని చోటు మార్చాను. వంటల వీడియో చూసేటప్పుడు ఫోనుని గట్టు మీద కాకుండా, పోపుల డబ్బాలుండే అరలో కంటికి కాస్త కిందగా, పప్పు డబ్బాకి ఆనించి పెడుతున్నాను. కబుర్లు చెప్పేటప్పుడు స్పీకరో, ఇయర్‌ఫోనో. భుజానికి ఇరికించడం పూర్తిగా మానేశాను. కూర్చుని చూసేటప్పుడు ఒళ్ళో దిండు పెట్టుకుని దాని మీద మోచేతులు ఆనిస్తే ఫోను దానంతటదే పైకి వస్తుంది, చేతులు లాగవు. ఇరవై నిమిషాలకోసారి లేచి మంచినీళ్ళు తాగడమో, బట్టలు మడతపెట్టడమో చేస్తాను.

అద్దాల సంగతి కూడా చెప్పాలి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. అద్దాలు ఎక్కడో పెట్టి మర్చిపోయి, అక్షరాలు కనబడక తల ముందుకి చాచి చూస్తుంటాం. ఒకే అద్దంలో పైన దూరం, కింద దగ్గర ఉండేవైతే, అడుగు భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతాం. రెండూ మెడ పైకీలుకి శిక్షే. ఫోనుకీ చదువుకీ విడిగా ఒక జత పెట్టుకుంటే మెడకి సుఖం. ఇక మధ్యాహ్నం మంచం మీద రెండు దిండ్ల మీద తల ఎత్తిపెట్టి ఫోను చూడటం నేను మానేశాను. ఇప్పుడు ఒక్కటే దిండు, అదీ పక్కకి తిరిగి పడుకుంటే భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తు.

కాలెండరు ఏం చెప్పింది?

మొదటి వారం తేడా ఏమీ లేదు. పైగా రెండు రోజులు నొప్పి ఎక్కువైనట్టనిపించింది. రెండో వారంలో మానేద్దామనుకున్నాను కూడా. మూడో వారంలో ఒక రోజు ఆటో ఎక్కబోతూ వెనక వచ్చే బస్సుని చూడటానికి కుడికి తల తిప్పాను. తిరిగింది! నొప్పికంటే ముందు తగ్గింది బిగుతు. నాలుగో వారంనుంచి కాలెండరులో గీతలు పల్చబడ్డాయి. వ్యాయామాలు మొదలుపెట్టిన రెండో నెల లెక్క చూస్తే గీతలు 5, చుక్కలు 2. పూర్తిగా పోలేదు. పండక్కి చుట్టాలొచ్చి రెండు రోజులు వ్యాయామం మానేసి, రాత్రి పన్నెండు దాకా ఫొటోలు చూసుకుంటూ కూర్చుంటే మూడో రోజు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు రెండు పూటలా కాకపోయినా పొద్దున్న ఒక్కసారి చేస్తున్నాను.

మాత్రల గురించి డాక్టరమ్మగారు చెప్పిన మాట మీ అందరికీ చెప్పాలి. పారాసిటమాల్ లాంటి మామూలు నొప్పి మాత్ర నెలకి 15 రోజులు గానీ, రెండు మూడు మందులు కలిపి చేసిన తలనొప్పి మాత్ర నెలకి 10 రోజులు గానీ, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రల వల్లే రోజూ తలనొప్పి పట్టుకుంటుందట! నా 12 చుక్కలు ఆ గీత దగ్గరదాకా వెళ్ళాయన్నమాట. షాపులో అడిగి తెచ్చుకున్న ఆ మాత్రలో ఏమేం కలిసున్నాయో కూడా నేను చూసుకోలేదు.

ఇలా ఉంటే వ్యాయామం కాదు, ఆసుపత్రి!

కొన్ని తలనొప్పులకి మెడని కదపనే కూడదు. ఒక్కసారిగా, పిడుగు పడినట్టు, జీవితంలో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి వస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, వస్తువులు రెండుగా కనబడినా అంతే. జ్వరంతో పాటు మెడ కొయ్యబారి గడ్డం గుండెకి ఆనకపోయినా, కిందపడి దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా, రోజురోజుకీ పెరుగుతూ వాంతులవుతున్నా వెంటనే కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. యాభై దాటాక మొదటిసారిగా వచ్చిన కొత్త తలనొప్పిని కూడా "ఫోను వల్లేలే" అని వదిలేయకూడదు.

ఇంకొకటి, మెడ విరిపించుకోవడం. మా వారికి క్షవరం అయ్యాక టకటకమనిపించుకోవడం సరదా. అలా హఠాత్తుగా తిప్పినప్పుడు, అరుదుగానే అయినా, మెడలోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళం లోపల చీరుకుని పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందట. ఈ సంగతి తెలిశాక ఆయన చేత ఆ సరదా మాన్పించాను.

మొన్న మధ్యాహ్నం నేను చాప మీద పడుకుని "ఊఁ" కొడుతుంటే మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, "ఎవులు కత చెప్తన్నారమ్మా, అలగ ఊఁ కొడతన్నావు?" అన్నారు. "మీరు చెప్పిందేనత్తయ్యా, అప్పుడు వినలేదుగా, ఇప్పుడు వింటున్నాను" అన్నాను. ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళి వాళ్ళ చెల్లెలికి ఫోను చేసుకున్నారు... భుజానికి ఇరికించుకుని! లేచి వెళ్ళి స్పీకరు నొక్కి, ఫోను ఆవిడ ముందు బల్ల మీద పెట్టి వచ్చాను.